ఎందుకని అడిగితే తీసేసింది

నాకు కోపం ఎక్కువ. మా ఆఫీసులో ఎవరినడిగినా ముందు ఆ మాటే చెప్తారు, నా పని సంగతి ఆ తర్వాతే. అయినా కొత్తగా చేరిన పిల్లల కోడ్ ఎవరు చూడాలి అనే మాట వచ్చినప్పుడల్లా అందరూ నా వైపే తిరుగుతారు. కోపాన్ని మనిషి మీద చూపిస్తే పిల్లలు పారిపోతారు, కోడ్ మీద చూపిస్తే నేర్చుకుంటారు. ఈ తేడా నాకు బాగా తెలుసు. గొప్ప చెప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, తెలిసింది తెలుసు అనడానికి నాకు మొహమాటం లేదు.

వనపర్తిలో మాది చిన్న ఆఫీసు. కింద ఎరువుల దుకాణం, పైన మేము. ఎండాకాలంలో పురుగుమందుల వాసన మెట్లెక్కి మా దాకా వస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కంప్యూటర్లు నడుస్తాయి, ఫ్యాన్లు నడవవు. పెద్ద ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. నేను రోజూ నాగర్‌కర్నూల్ నుంచి బస్సులో వచ్చిపోతాను. పొద్దున బిజినేపల్లిలో సగం బస్సు దిగితే తప్ప సీటు దొరకదు. అప్పటిదాకా నిలబడే ఫోన్‌లో మెయిల్స్ చూసుకుంటాను.

ఆ రోజుల్లో మా చేతిలో ఉన్న పని ఒక విత్తన కంపెనీకి యాప్. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి వేసే రైతుల కోసం. సీడ్ పత్తి అంటే బట్టకు పోయే పత్తి కాదు, విత్తనం కోసం పండించేది. పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్ది చేత్తో క్రాసింగ్ చేయాలి, కూలీలు నెలల తరబడి అదే పని మీద ఉంటారు. పంట చేతికొచ్చాక, కంపెనీకీ రైతులకూ మధ్య ఉండే ఆర్గనైజర్ ఒక్కో రైతు విత్తనం నుంచి శాంపిల్ తీసి పరీక్షకు పంపిస్తాడు. మొలక బాగా వచ్చి, కల్తీ లేకపోతే పాస్. ఫెయిలైతే కంపెనీ ఆ విత్తనం తీసుకోదు, ఏడాది కష్టం ఇంట్లో మూటగా మిగులుతుంది. మళ్లీ పరీక్ష చేయించమని అడగడానికి కొద్ది రోజులే గడువు. అందుకని పరీక్ష ఫలితం వచ్చిన రోజే రైతు ఫోనుకు మెసేజ్ పోవాలి. మేము రాయాల్సింది ఆ మెసేజ్ పంపే భాగం.

ఆ భాగాన్ని ఒక కొత్త అమ్మాయికి ఇచ్చారు. అలంపూర్ వైపు పల్లె వాళ్లది. అమ్మానాన్నలు కూలికి పోతారు. ఊళ్లో పని లేని రోజుల్లో బెంగళూరు వైపు బిల్డింగ్ పనులకు పోతారు. గద్వాలలో డిగ్రీ చదివి, కొన్నాళ్లు ఒక జిరాక్స్ షాపులో పని చేసి, ఫోన్‌లో వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకుని, మేం పెట్టిన పరీక్ష పాసై వచ్చింది. మా దగ్గర పద్ధతి ఏమిటంటే ఆరు నెలలు పని చూసి పర్మినెంట్ చేస్తారు, లేకపోతే నమస్కారం పెట్టి పంపిస్తారు. ఆ అమ్మాయికి ఆరో నెల నడుస్తోంది.

ఒక శుక్రవారం మా మేనేజరు నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. గద్వాల మనిషి. నన్ను చెల్లె అంటాడు, నేను అన్న అంటాను.

"చెల్లె, ఆ పిల్లను హైదరాబాద్ సారు వద్దంటుండు. ఎన్నిసార్లు చెప్పినా కోడ్ సక్కగ వస్తలేదట. పైగా అడిగితే నోరు ఇప్పదట."

"నువ్వేమన్నవ్ అన్నా?"

"నాకేం తెల్వదు, నేను కోడ్ చూడను గద. ఈ మెసేజ్ పని ఒక్కటి నువ్వు జర చూడు. వచ్చే శుక్రవారం మీటింగ్‌ల తేల్చేద్దాం. ఉంచుదామా, పంపిద్దామా, నువ్వేమంటే గది."

నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి బతుకుతెరువును నా నోటి మాట మీద పెట్టి చాయ్ తాగడానికి పోయాడు. కానీ చూడను అనలేను కదా. సరే అన్నాను.

మా పని తెలియనివాళ్లకు ఒక మాట. మా దగ్గర ఎవరు రాసిన కోడ్ అయినా నేరుగా యాప్‌లోకి పోదు. ఇంకొకరు దాన్ని లైను లైను చదివి, పక్కన తమ మాటలు రాస్తారు. రాసినవాళ్లు జవాబు చెప్తారు, లేదా మారుస్తారు. ఇద్దరికీ సమ్మతమైతేనే లోపలికి పోతుంది. దీన్నే కోడ్ రివ్యూ అంటాం. రాసిన ప్రతి మాటా, మార్చిన ప్రతి లైనూ తేదీతో సహా అక్కడే ఉండిపోతాయి. ఎవరు ఎప్పుడు ఏం తీశారో, ఏం పెట్టారో తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.

ఆ అమ్మాయి కోడ్ తెరిచాను. హైదరాబాద్ సీనియర్ రాసిన మాటలు పక్కన బారెడు ఉన్నాయి. ఆయన చెడ్డ మనిషి కాదు. పనిలో దిట్ట, ఎన్నో తలనొప్పులు ఆయన వల్లే తప్పాయి మాకు. కానీ రాసే చెయ్యి బాగా పొదుపు. 'తప్పు.' 'మళ్లీ రాయి.' 'ఇదెందుకు?' 'బేసిక్స్ ఒకసారి చూసుకో.' ఇంగ్లిష్‌లో అన్నీ ఇలాంటివే. చదువుతుంటే నాకే చిరాకు లేచింది. బేసిక్స్ చూసుకో అంటే ఏ బేసిక్స్? తప్పు అంటే ఏది తప్పు, ఎందుకు తప్పు, ఎలా ఉంటే ఒప్పు? చేయడానికి ఏమీ చెప్పని మాట రివ్యూ కాదు, తిట్టు. పైగా వాటిలో సగానికి సగం ఖాళీ గీతలు, స్పేసులు, బ్రాకెట్లు ఎక్కడుండాలనే గొడవ. అవి సరిచేసే టూల్ ఒకటుంది, ఒకసారి పెట్టుకుంటే సేవ్ చేసినప్పుడల్లా అదే సర్దుతుంది. యంత్రం చెప్పగలిగిన దాన్ని మనిషి చెప్తే మనసు కష్టపడుతుంది తప్ప లాభం లేదు. ముందు ఆ టూల్ పెట్టించి, ఆ మాటలన్నీ పక్కకు తోసేశాను.

తర్వాత కోడ్ చదివాను. నిజం చెప్పాలంటే కోడ్‌లో గట్టి తప్పులే ఉన్నాయి. అవి దాచిపెట్టి బాగుంది బాగుంది అంటే ఆ పిల్లకు మేలు చేసినట్టు కాదు. మెసేజ్ పోకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియకుండా కోడ్ మింగేస్తోంది. డేటాబేస్‌ను సమాచారం అడిగే క్వెరీలో ఊరి పేరును నేరుగా అతికించింది. ఇవి రెండూ అట్లాగే లోపలికి పోనివ్వడానికి వీల్లేదు. మూడోది ఇంకా ఘోరం. ఒకరికి ఒకే మెసేజ్ రెండుసార్లు పోకూడదని, ఒక ఫోన్ నంబరుకు ఒకసారి పంపాక ఆ రోజు ఫలితాల్లో అదే నంబరుతో ఉన్న మిగతావన్నీ వదిలేసేలా రాసింది.

గద్వాల పక్కన పల్లెలు ఎరిగినవాళ్లెవరైనా ఇది చూస్తే ఉలిక్కిపడతారు. అక్కడ ఫోన్ నంబరు మనిషిది కాదు, ఇంటిది. ఒక్కోసారి వాడకట్టుది, అంటే వీధి మొత్తానిది. శాంపిల్ సంచి మీద ఏ నంబరు రాయమంటారని అడిగితే, చదువుకున్న పిల్లగాడున్న ఇంటి నంబరు చెప్తారు. ఈ కోడ్ ఇట్లాగే పోతే ఆ నంబరు కింద ఉన్నవాళ్లలో మొదటివాళ్లకే ఫలితం తెలుస్తుంది. మిగిలినవాళ్ల విత్తనం ఫెయిలైనా గడువు దాటేదాకా ఎవరికీ తెలియదు.

అలంపూర్ పిల్లకు ఈ సంగతి తెలియకపోవడమేమిటి అని నాకు అనుమానం వచ్చింది. పాత వెర్షన్లు వరసగా తెరిచాను. మొట్టమొదటి వెర్షన్‌లో ఆ లైను సరిగ్గానే ఉంది. ఫోన్ నంబరు ఒక్కటే కాదు, ఫోన్ నంబరూ శాంపిల్ నంబరూ రెండూ కలిపి చూసుకుంది. ఒకే ఫోను మీద ఎంతమంది రైతులున్నా ఎవరి మెసేజ్ వాళ్లకు పోతుంది. దాని పక్కన సీనియర్ మాట: 'ఇదెందుకు? ఫోన్ నంబరు చాలదా?' జవాబు లేదు. తర్వాతి వెర్షన్‌లో శాంపిల్ నంబరు మాయం.

సోమవారం పొద్దున ఆ అమ్మాయిని నా పక్కన కూర్చోమన్నాను. దవాఖానలో సూదికి కూర్చున్నట్టు కుర్చీ అంచు మీద కూర్చుంది. పాత వెర్షన్ తెరిచి ఆ లైను చూపించాను.

"ఇది నువ్వే రాసినవా?"

"అవ్ మేడమ్."

"మరి ఎందుకు తీసేసినవ్?"

ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆమె చెయ్యి కీబోర్డ్ మీదికి పోయింది. "మల్ల పెడ్త మేడమ్," అంది.

"ఆగు. పెట్టమన్ననా నేను?"

చెయ్యి వెనక్కి తీసుకుంది. "తీసేయాల్నా మేడమ్?"

నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి ముఖం చూసి నవ్వు మింగాను. అప్పుడు అర్థమైంది అసలు సంగతి. నేను ఎందుకు తీసేశావని అడిగితే పెట్టబోయింది. ఆయన ఎందుకు పెట్టావని అడిగితే తీసేసింది. ఎందుకు అన్న మాటకు ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే, నువ్వు చేసింది బాగాలేదు అని.

"నేను కోపంగ అడుగుతలేను," అన్నాను. "నిజంగ తెల్వకనే అడుగుతున్న. ఆ సార్ అడిగినప్పుడు కారణం చెప్పుంటే అయిపోయేది గద?"

ఆమె మెల్లగా అంది. "పెద్దోళ్లు ఎందుకు అన్నప్పుడు ఎందుకంటే అని చెప్తే ఎదురు మాట్లాడినట్టు గాదా మేడమ్? నాట్లప్పుడు మా మేస్త్రి గిట్ల ఎందుకు నాటినవ్ అంటడు. అంటే పీకి మల్ల నాటుడే. కారణం చెప్తే రేపటి నుంచి కూలికి పిలువడు."

మా ఇంట్లో మాత్రం వేరేనా? ఎందుకే ఇంత ఉప్పేసినవ్ అని మా నాయన అడిగితే, మా అమ్మ ఏనాడైనా కారణం చెప్పిందా? గిన్నె తీసుకుని లోపలికి పోయేది. ప్రశ్న రూపంలో చెప్తే పిల్లలు నొచ్చుకోరు అని మాకు ట్రైనింగుల్లో చెప్తారు. తప్పు అనకు, ఎందుకిలా చేశావని అడుగు అంటారు. ఆ సలహా ఎక్కడిదో కానీ మా పాలమూరుది మాత్రం కాదు. ఇక్కడ తప్పు అన్నా తట్టుకుంటారు, ఎందుకు అంటే గుండె జారిపోతుంది.

"ఇప్పుడు చెప్పు," అన్నాను. "ఈ శాంపిల్ నంబర్ ఎందుకు పెట్టినవ్? నేను తిట్టను, కూలికి పిలుస్త."

మొదటిసారి కొంచెం నవ్వింది. "మా వాడకట్ల మా చిన్నాయన నంబరే అందరిదీ మేడమ్. మా చిన్నమ్మోళ్లు కౌలుకు పట్టి సీడ్ పత్తి ఏసిర్రు, పక్కింటోళ్లు గూడ ఏసిర్రు. అందరి శాంపిల్ సంచి మీద గదే నంబర్. ఆర్గనైజర్ గూడ కొందరికి తన నంబరే రాస్తడు."

"మరి గీ ముక్క సార్‌కు తెలుసా?"

"ఆయనకెట్ల తెలుస్తది మేడమ్."

"నువ్వు చెప్తే తెలుస్తది."

లైను మళ్లీ నా చేత్తో పెట్టేయడం నాకు ఒక్క నిమిషం పని. పెట్టలేదు. ఇంకొకరి కోడ్‌ను మనమే సరిచేసి ఇస్తే ఆ రోజుకు పని అవుతుంది, మనిషి మాత్రం అక్కడే ఉంటుంది. నేను రాయాల్సింది రాస్తాను, నువ్వు చదివి జవాబు చెప్పాలి, ఒప్పుకోకపోతే ఒప్పుకోనని రాయాలి అని చెప్పి పంపించాను.

ఆ మధ్యాహ్నమంతా ఆమె కోడ్ మీద కూర్చున్నాను. మామూలుగా మా రాతలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఈసారి తెలుగులో రాశాను. ప్రతి మాట ముందూ అది ఎంత ముఖ్యమో పెట్టాను. ఏది మార్చకపోతే కుదరదో, ఏది తన ఇష్టమో తెలియకపోతే కొత్తవాళ్లకు అన్నీ ఒకే బరువుగా కనిపిస్తాయి. స్పేసు తప్పుకూ, డేటా పోయే తప్పుకూ ఒకేలా వణుకుతారు.

మొదటిది ఇలా రాశాను: 'ఫలితాలు ఏమీ లేని రోజున ఏం జరగాలో ముందే చూసుకున్నావు, ఖాళీ మెసేజ్ పోదు. చాలామందికి ఇది తట్టదు. ఇదే జాగ్రత్త కింద మెసేజ్ పంపే చోట కూడా కావాలి.' ఊరికే శభాష్ అని రాయడం నాకు ఇష్టముండదు. ఏది బాగుందో వేలు పెట్టి చూపిస్తే మళ్లీ అలాగే చేస్తారు.

తర్వాత దాని కిందే: 'తప్పక మార్చాలి. మెసేజ్ పోకపోతే ఈ ఎక్సెప్ట్ బ్లాక్ ఆ తప్పును పట్టుకుని ఊరుకుంటోంది. సిగ్నల్ లేకనో, సర్వర్ పడుకునో మెసేజ్ ఆగిపోతే మనకూ తెలియదు, రైతుకూ తెలియదు. తప్పును లాగ్‌లో రాసి, ఆ శాంపిల్‌ను ఇంకా పంపాల్సిన వాటిలోనే ఉంచితే తర్వాత మళ్లీ పంపొచ్చు. ఎలా చేస్తావో నువ్వే ఆలోచించు, ఇరుక్కుంటే నా దగ్గరికి రా.'

క్వెరీ పక్కన: 'తప్పక మార్చాలి. ఊరి పేరు నేరుగా క్వెరీలో అతికింది. పేరులో ఒక్క కొటేషన్ గుర్తు పడితే క్వెరీ విరుగుతుంది. ఎవరైనా కావాలని ఏదైనా రాస్తే రైతుల డేటా బయటికి పోవచ్చు, చెరిగిపోవచ్చు కూడా. విలువను పారామీటర్‌గా విడిగా పంపాలి. రైతుల జాబితా తెచ్చే ఫైలులో మనం అట్లాగే చేశాం, అది ఒకసారి చూడు.' నువ్వు తప్పు చేశావని ఎక్కడా రాయలేదు. కోడ్ ఏం చేస్తోందో రాశాను, దానివల్ల ఎవరికి ఏమవుతుందో రాశాను.

ఇంకోచోట: 'చిన్న మాట, నీ ఇష్టం. ఎక్స్ అనే పేరు బదులు పంపాల్సిన శాంపిల్స్ అని అర్థమొచ్చే పేరు పెడితే ఆరు నెలల తర్వాత నీకే సుఖం.' ఫంక్షన్ మరీ పొడుగ్గా ఉంది, దాన్ని విడగొట్టాలి. కానీ అన్నీ ఒక్కసారే నెత్తిన పెట్టడమెందుకని, 'ఇది ఈసారి వద్దు, విడిగా ఒక పనిగా పెట్టుకుందాం' అని వదిలేశాను.

ఒకచోట మాత్రం నాకు నిజంగానే అర్థం కాలేదు. మెసేజ్ పంపాక పంపినట్టు గుర్తు పెడుతోంది, ముందు కాదు. చాలాసేపు ఆలోచించి ఇలా రాశాను: 'తెలుసుకోవడానికే అడుగుతున్నాను, తీసేయమని కాదు. పంపిన గుర్తు మెసేజ్ తర్వాత పెట్టడానికి కారణముందా? ఉంటే ఇక్కడే రెండు ముక్కలు రాయి.'

చివరగా ఆ శాంపిల్ నంబరు దగ్గర: 'మొదటి వెర్షన్‌లో ఉన్నదే సరైనది. కారణం నీకు తెలుసు, నాకు చెప్పావు. దాన్ని మళ్లీ పెట్టి, ఒకే ఫోన్ మీద ముగ్గురు రైతులున్నట్టు ఒక టెస్ట్ రాయి. రేపు ఇంకెవరైనా ఆ లైను తీసేస్తే టెస్టే అరుస్తుంది.' టెస్ట్ అంటే కోడ్ సరిగ్గా పని చేస్తోందో లేదో నడిపి చూసే ఇంకో చిన్న కోడ్, తప్పైతే ఎర్రగా, ఒప్పైతే పచ్చగా చూపిస్తుంది.

మరునాడు బస్సు దిగీదిగకముందే ఫోన్‌లో చూశాను. ఆమె రాసిన మొట్టమొదటి జవాబు వచ్చి ఉంది. 'కారణం ఉంది మేడమ్. గుర్తు ముందు పెడితే, మెసేజ్ పోకపోయినా పోయినట్టే పడుతుంది. అందుకని తర్వాత పెట్టిన.' ఎంత చక్కటి మాట అది. రోడ్డు మీదే నిలబడి ఇంకోసారి చదువుకున్నాను. మంచి చాయ్ తాగినట్టయింది.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. క్వెరీ బాగా మార్చింది కానీ, మెసేజ్ పోని చోట ఏం చేసిందంటే, పోయేదాకా మళ్లీ మళ్లీ పంపమని లూప్ పెట్టింది. ఎప్పుడు ఆగాలో రాయలేదు. నంబరు తప్పైతే అది జన్మలో ఆగదు, ఆ ఒక్క నంబరు దగ్గరే ఇరుక్కుని మిగతావాళ్లెవరికీ మెసేజ్ పోదు. నా తిక్క నెత్తికెక్కింది. తల ఎక్కడ పెట్టుకుని రాశావు అని టైపు కూడా చేశాను. పంపలేదు. కోపమొచ్చినప్పుడు రాసినదాన్ని చదువుకోకుండా పంపే అలవాటు నాకు లేదు. చెరిపేసి, కిందికి దిగి, ఎరువుల దుకాణం పక్కన చాయ్ తాగి వచ్చి మళ్లీ రాశాను.

'మళ్లీ పంపాలన్న ఆలోచన సరైనది. ఒక పని చెయ్యి. ఒక రైతు నంబరులో ఒక అంకె తక్కువ పెట్టి దీన్ని నడిపి చూడు, ఏమవుతుందో నాకు చెప్పు.'

కాసేపటికి మూలన ఆమె కుర్చీ దగ్గర నుంచి అబ్బా అని వినిపించింది. లేచి నా దగ్గరికే వచ్చింది.

"ఆగుతనే లేదక్కా అది," అంది. మేడమ్ ఎప్పుడు అక్క అయిందో ఆమె గమనించినట్టు లేదు. "నా కంప్యూటర్ పరేషాన్ అయితుంది. మూడుసార్లు పంపి ఆపేస్త. పోనివి పక్కకు రాసిపెట్టి మిగిలినోళ్లకు పోనిస్త. గట్లైతే నడుస్తదా?"

"నడుస్తది. ఆ పోనివి పొద్దున ఎవరు చూడాల్నో గూడ ఆలోచించు."

"ఆర్గనైజర్‌కు లిస్ట్ పంపితే ఆయన ఫోన్ చేసి కనుక్కుంటడు."

ఇది నాకు తట్టని సంగతి. బాగుంది, అట్లాగే చెయ్యి అన్నాను. గురువారం సాయంత్రానికి అన్నీ పూర్తి చేసింది. పేర్లు మార్చింది, టెస్టులు రాసింది. నీ ఇష్టం అని రాసిన ఒకదానికి మాత్రం, 'ఇది ఇట్లనే ఉంచుతున్న, నాకు ఇట్లనే అర్థమైతుంది' అని జవాబు పెట్టింది. ఉంచుకో అన్నాను.

శుక్రవారం మీటింగ్. చిన్న గదిలో మేనేజరు, నేను, ఆ అమ్మాయి. ఎదురుగా స్క్రీన్ మీద హైదరాబాద్ సీనియర్. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో తెరిచిందంతా ఆయనకూ కనిపిస్తోంది. ఆ అమ్మాయి కొత్త చున్నీ వేసుకొచ్చింది. ఈరోజు తేలేది తన ఉద్యోగమని ఆమెకు తెలుసు. జిరాక్స్ షాపు వాళ్లకు ఎందుకైనా మంచిదని ఫోన్ చేసి మళ్లీ పనికి తీసుకుంటారా అని అడిగి పెట్టుకుందట, తర్వాత చెప్పింది.

సీనియర్ కోడ్ పైనుంచి చదువుకుంటూ వస్తున్నాడు. క్వెరీ బాగుంది అన్నాడు. పోని మెసేజ్‌ల జాబితా మంచి ఆలోచన అన్నాడు. నేను కొంచెం ఊపిరి తీసుకున్నాను. అంతలో ఆగాడు.

"ఈ శాంపిల్ నంబర్ మళ్లీ వచ్చిందేంటి? నేను అప్పుడే అడిగాను కదా, ఇదెందుకు?"

ఆమె చెయ్యి మౌస్ మీదికి పోయింది. ఆ లైను మీద కర్సర్ ఆగింది. జవాబు నా నాలుక చివరన ఉంది. నేను ఒక్క ముక్క చెప్తే అయిపోతుంది, ఆయన వింటాడు, లైను ఉంటుంది. కానీ ఆ తర్వాత ఆయనకు గుర్తుండేది నేను, ఈ పిల్ల కాదు. మేనేజరు నా వైపు చూశాడు. పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

"అది తీయను సార్," అంది ఆ అమ్మాయి. గొంతు సన్నగా వచ్చింది. సవరించుకుని ఇంకొంచెం గట్టిగా చెప్పింది. "మా ఊర్లల్ల ఒక్క ఫోన్ మీద శానామంది రైతులుంటరు సార్. ఫోన్ నంబర్ ఒక్కటే చూస్తే ఒక్కరికే మెసేజ్ పోతది. మిగిలినోళ్లకు ఫెయిలైనా తెల్వదు, గడువు దాటిపోతది."

"ఇది కంపెనీ వాళ్లు ఇచ్చిన దాంట్లో లేదే."

"లేదు సార్. వాళ్లు రాయలే. టెస్ట్ రాసిన, చూడుర్రి."

ఆ లైనులోంచి శాంపిల్ నంబరు తీసి టెస్ట్ నడిపింది. స్క్రీన్ ఎర్రబడింది. ముగ్గురికి పోవాల్సిన మెసేజ్ ఒక్కరికే పోయిందని పడింది. మళ్లీ పెట్టి నడిపింది. పచ్చగా వచ్చింది.

సీనియర్ ఆ టెస్ట్ తెరిచి చదివాడు. "ఇది నాకు తెలియదమ్మా," అన్నాడు. "ఈ కారణం కోడ్‌లో ఆ లైను పైనే రాసి పెట్టు. లేకపోతే నాలాంటివాడు ఇంకొకడొచ్చి మళ్లీ అడుగుతాడు." అక్కడికక్కడే ఒప్పుకున్నట్టు బటన్ నొక్కాడు.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇగ అడిగేదేముంది సార్," అన్నాడు స్క్రీన్ వైపు తిరిగి. "పిల్లను ఉంచుతున్నం గద?"

"ఉంచాలి," అన్నాడు సీనియర్.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడానికి మంచినీళ్ల సీసా అందుకున్నాను. అందరం లేవబోతున్నాం. ఆ అమ్మాయి లేవలేదు.

"సార్, ఇంగొకటి," అంది. "ఈ ఆరు నెలల్ల మీరు ఎందుకని అడిగినవన్నీ నేను తీసేసిన. అండ్ల అన్నీ తప్పు గాకుండె."

సీనియర్ ముఖం మారిపోయింది. "నేను తీసేయమని అడగలేదమ్మా," అన్నాడు, మెల్లగా. "తెలుసుకోవడానికే అడిగాను."

"నాకు తెల్వలే సార్."

మేనేజరు తలుపు దగ్గర నిలబడిపోయాడు. నేను కూడా కూర్చున్నాను. ఆరు నెలలు ఈ పిల్ల ఏమేం తుడిచేసిందో మా ఎవరికీ తెలియదు.

"ఏవేవో చూపిస్తావా?" అన్నాడు చివరికి. "ఇప్పుడే చూద్దాం. నాకు వేరే పని లేదు."

ఆ అమ్మాయి అప్పటికే మొదటిది తెరిచింది. తీసేసిన లైను ఆయనకు కనిపించేలా పైకి జరిపి, "ఇది ఎందుకంటే సార్," అని మొదలుపెట్టింది.